ముందు పడదాం.. తర్వాత తెడ్డేద్దాం

నీళ్లలో పడ్డ మనిషి మొట్టమొదట చేసే పని చేతులు పైకెత్తడం. ఎవరైనా పట్టుకుని లాగుతారన్న ఆశ కావచ్చు, ఒళ్లు తనంతట తాను చేసే పని కావచ్చు. కానీ మునిగేది ఆ చేతుల వల్లే. నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి బరువు నీళ్లు మోస్తాయి. పైకి లేచిందా, ఆ బరువంతా తల మీద పడుతుంది. రెండు చేతులు గాల్లోకి లేస్తే నోరు నీళ్లలోకి దిగుతుంది. ఈత రాకపోయినా ఈ ఒక్క ముక్క తెలిసి, ఒంటికి అలవాటైతే చాలు. కయాక్ ఎక్కే ధైర్యం సగం వచ్చినట్టే.

ఈ కథనం గజ ఈతగాళ్ల కోసం కాదు. అపార్ట్‌మెంట్ పూల్‌లో గోడ పట్టుకుని కాళ్లాడించి, ఊపిరి బిగబట్టి అయిదారు బారలు వేసి, మధ్యలో నేల అందుతుందో లేదోనని తడుముకునేవాళ్ల కోసం. గోవా వెళ్తే అందరూ నీళ్లలో ఉంటే ఒడ్డున చెప్పులకు కాపలా కాసేవాళ్ల కోసం. వాళ్లకి సరదా లేక కాదు. మా వదిననే తీసుకోండి. గోదావరి మీద పడవెక్కాలంటే ఇప్పటికీ రెండుసార్లు ఆలోచిస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని చూసినదంతా ఆమెకు అలాగే గుర్తుంది. కృష్ణా, గోదావరి తీరాల్లో ఇలాంటివాళ్లు ఇంటికొకరు ఉంటారు. ఆ భయానికి కారణం ఉంది కాబట్టి పిరికితనం అనడానికి నాకు నోరు రాదు.

భయాన్ని కాస్త విప్పి చూస్తే మాత్రం, నీళ్లంటే భయపడేవాళ్లు చాలామంది నిజానికి పడిన తర్వాత వచ్చే క్షణానికి భయపడుతున్నారని తెలుస్తుంది. పడితే ఏమవుతుంది? నీళ్లు ముక్కులోకి పోతాయా? పైకి వస్తానా? పడవ మీద పడుతుందా? వీటికి జవాబు తెలియకుండా కయాక్‌లో కూర్చోబెట్టి ‘భయపడకండి మేడమ్, ఏం కాదు’ అంటే, ఆ గంటసేపూ పడవ అంచు పట్టుకుని బిగుసుకుపోతారు. బిగుసుకున్న మనిషే పడవను తిప్పేసేది. అందుకే వారాంతాన్ని తిరగేసి వేసుకోవడం మేలని నా అభిప్రాయం. శనివారం పొద్దున పూల్‌లో పడటం నేర్చుకోవాలి. ఆదివారం పొద్దున ప్రశాంతంగా ఉన్న జలాశయంలో కయాక్ ఎక్కాలి. ఆ సాయంత్రం గాలి లేచాక తెరచాప పడవలో కూర్చోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ మూడూ రెండు రోజుల్లో కుదురుతాయి. వదిన, అన్నయ్య, వాళ్ల పదకొండేళ్ల అబ్బాయి ఇదే వరసలో వెళ్లారు. వాళ్ల వెంట ఉండి చూసిందే ఇక్కడ చెప్పుకొస్తాను.

జాకెట్ తొడుక్కోవడం వేరు, బిగించుకోవడం వేరు

మామూలు పెద్దమనిషి నీళ్లలో ఉన్నప్పుడు తల పైన నిలవడానికి కావాల్సిన అదనపు సాయం ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. సుమారు మూడు నుంచి అయిదున్నర కిలోలు, అంతే. ఒళ్లు దాదాపు తనంతట తానే తేలుతుంది. మిగిలిన ఆ కొద్ది కిలోలను జాకెట్ మోయాలి. మంచి జాకెట్ లోపలి చీటీ మీద ఆ బలాన్ని న్యూటన్లలో రాస్తారు. పది న్యూటన్లంటే దాదాపు కిలో అనుకోండి. కయాకింగ్ వాళ్లు తొడుక్కునే తేలికపాటి జాకెట్ మీద 50 అని ఉంటుంది. అది ఈత వచ్చి, పక్కనే సాయం ఉన్నవాళ్లకి సరిపోయేది. 100 అని ఉన్నది కాస్త లావుగా, మెడ వెనక దిండులాంటి పట్టీతో ఉంటుంది. మనిషిని వెల్లకిలా తిప్పి నోరు పైకి ఉంచేలా దాన్ని తయారు చేస్తారు. నీళ్లంటే బెరుకున్నవాళ్లు అడగాల్సింది రెండోదే. తెడ్డేసేటప్పుడు ఛాతీకి కాస్త అడ్డం పడుతుంది, పడనివ్వండి.

మన దగ్గర పడవల రేవుల్లో దొరికేది ఎక్కువగా ఆరెంజ్ రంగు ఫోమ్ జాకెట్. కొత్తదైతే పని చేస్తుంది. కానీ ఏళ్ల తరబడి ఎండలో పడేసి, కుర్చీలో మెత్తగా ఉంటుందని దాని మీదే కూర్చుని, లోపలి ఫోమ్‌ను చదును చేసేస్తారు. చదునైన ఫోమ్‌లో గాలి గదులు చితికిపోతాయి, తేలే బలం తగ్గిపోతుంది. వేలితో గట్టిగా నొక్కి వదిలి చూడండి. వెంటనే ఉబికి పైకి వస్తే మంచిది. గుంట అలాగే ఉండిపోతే పక్కన పెట్టి ఇంకోటి అడగండి. బకిల్ విరిగి, దారంతో కట్టిన జాకెట్ ఇస్తే మాత్రం మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

అసలు పరీక్ష తొడుక్కున్న తర్వాత మొదలవుతుంది. పట్టీలు నడుము దగ్గర నుంచి పైకి బిగించుకుంటూ రావాలి. పై నుంచి మొదలుపెడితే కింద వదులుగా మిగిలిపోతుంది. తర్వాత ఇంకొకరు వెనక నిలబడి, భుజాల దగ్గర రెండు పట్టీలు పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో కూడా అంతే వస్తుంది. జాకెట్ పైన తేలుతుంది, లోపలి మనిషి కిందికి జారతాడు. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వెళ్లే పట్టీ తప్పనిసరి. చిన్నపిల్లల భుజాలు సన్నం కాబట్టి అది లేకపోతే జాకెట్ తలమీదుగా ఊడి వచ్చేస్తుంది. పెద్దవాళ్ల జాకెట్‌ను బిగించి పిల్లాడికి తొడిగితే సరిపోతుందన్నది ఒట్టి మాట.

శనివారం: నాలుగడుగుల పాఠం

పూల్ వాళ్లను ముందే అడగాలి. చాలాచోట్ల జాకెట్లతో దిగనివ్వరు. ఉదయం ఏడింటికి జనం లేనప్పుడు, కోచ్ ఒకరు పక్కన ఉంటారంటే సాధారణంగా ఒప్పుకుంటారు. నీళ్లు నాలుగడుగులకు మించకూడదు. అంటే పెద్దవాళ్లకి ఛాతీ దాకా.

మొదటి పని మోకాళ్లు మడవడం. అంతే. నిలబడి, నెమ్మదిగా మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద నుంచి ఎత్తేయాలి. గడ్డం ఎక్కడ ఆగిందో చూసుకోవాలి. నోరు స్పష్టంగా నీళ్ల పైన ఉంటే జాకెట్ తన పని చేస్తున్నట్టు. వదిన మోకాళ్లు మడిచిందో లేదో, జాకెట్ చెవుల దాకా లేచింది, చేతులు రెండూ గాల్లోకి వెళ్లాయి, నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గుతూ నిలబడి, ‘చూశావా, నాకిది పడదు’ అంది. కోచ్ జాకెట్ కింది పట్టీ పట్టుకుని చూపించాడు. వేళ్లు నాలుగూ దూరేంత వదులుంది. రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగించాక మళ్లీ మడిచింది. ఈసారి చేతులు నీళ్లలోనే ఉంచమన్నాడు, అరచేతులు కిందికి, బల్ల మీద ఆనించినట్టు. గడ్డం నీళ్లకు బెత్తెడు పైన నిలిచింది. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. మరోసారి మడిచి చూసుకుంది.

రెండోది వెల్లకిలా పడుకోవడం. ఇక్కడ చెవులు నీళ్లలోకి వెళ్తాయి. శబ్దాలన్నీ ఒక్కసారి మందగించి, తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తుంది. బెరుకున్నవాళ్లు బెదిరేది సరిగ్గా ఆ క్షణంలోనే. తల విదిల్చి పైకి లేపుతారు. తల లేస్తే నడుము దిగిపోతుంది, నడుము దిగితే మునుగుతున్నట్టు అనిపిస్తుంది. చెవుల్లోకి నీళ్లు వెళ్తాయని, వినిపించడం తగ్గుతుందని ముందే చెబితే ఈ విదిలింపు చాలావరకు తగ్గుతుంది. బ్రిటన్‌లో సముద్ర ప్రాణరక్షణ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ ఏళ్లుగా జనానికి చెబుతున్నది కూడా ఇదే. పడగానే ఈదాలని చూడొద్దు, తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉంచి, ఊపిరి కుదుటపడేదాకా తేలండి అని.

జాకెట్ తొడుక్కుని వెల్లకిలా తేలుతున్నవాళ్లకి ఇంకో గండం ఉంది. దీని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. నేల నాలుగడుగుల లోతులోనే ఉంటుంది, కానీ కాళ్లు అందవు. జాకెట్ ఒంటిని పైకి లేపి పట్టుకుంటుంది కాబట్టి నిలబడదామని కాళ్లు చాపితే అవి ముందుకే తేలిపోతాయి. ఒడ్డు పక్కనే ఉన్నా నిలబడలేక కంగారుపడేది ఇక్కడే. మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకోవాలి, గడ్డం ఛాతీకి తగిలించాలి, అరచేతులతో నడుము పక్కల నీళ్లను కిందికి నొక్కాలి. ఒళ్లు ముద్దగా ముడుచుకోగానే ముందుకు తిరిగి నిలువవుతుంది, అప్పుడు కాళ్లు చాపితే నేల తగులుతుంది. ఇది కుదిరేదాకా చేయాలి. ఆ గంటలో మిగిలినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

చివరిగా పడటం. పూల్ గట్టు మీద పక్కకు తిరిగి కూర్చుని, కోచ్ నీళ్లలో ఉండగా, మూటలా పక్కకు దొర్లాలి. నోరు మూసి ముక్కుతో ‘ఊఁ..’ అని గట్టిగా మూలుగుతూ ఉంటే గాలి బయటికి పోతూ ఉంటుంది, నీళ్లు ముక్కులోకి రావు. ముక్కు చేత్తో మూసుకునే అలవాటున్నవాళ్లకి ఇది మొదట వింతగా ఉంటుంది. కయాక్‌లో ఆ చేతిలో తెడ్డు ఉంటుంది మరి. మునిగి, జాకెట్ పైకి తేల్చేవరకు పట్టేది రెండు మూడు సెకన్లు. పిల్లాడికి ఇదో ఆటయింది. వాడిని చూసి అన్నయ్య దొర్లాడు. వదిన అందరికంటే ఆఖరున, కళ్లు గట్టిగా మూసుకుని దొర్లింది. పైకి వచ్చి, ‘ఇంతేనా?’ అంది.

గట్టు మీద ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సినది కూడా ఒకటుంది. సినిమాల్లో మునిగేవాళ్లు ‘కాపాడండి’ అని అరుస్తారు. నిజంగా మునుగుతున్న మనిషికి అరవడానికి ఊపిరే ఉండదు. నోరు నీళ్లపైకి ఒక్క క్షణం వచ్చి మళ్లీ దిగుతుంది. ఒళ్లు నిలువుగా ఉంటుంది. చేతులు ఊపకుండా పక్కలకు చాపి నీళ్లను నొక్కుతుంటారు. అదంతా నిమిషం లోపే అయిపోతుంది. నీళ్లలో ఆడుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే వెంటనే అటు చూడాలి.

ఆదివారం పొద్దున: కోటిపల్లి నీళ్ల మీద

అనంతగిరి కొండల్లో రాత్రి ఉండి పొద్దున్నే వికారాబాద్ జిల్లాలోని కోటిపల్లి జలాశయానికి చేరొచ్చు. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరినా రెండు రెండున్నర గంటల దారి. చుట్టూ అడవి, నీటి అంచున చెట్లు. ఊరి కుర్రాళ్లు కయాకింగ్ నేర్చుకుని పడవలు నడపడంతో ఈ చోటు పేరు హైదరాబాదీలకు ఎక్కింది. నీటిమట్టం చూసుకుని, ఆ రోజు పడవలు తిప్పుతున్నారో లేదో కనుక్కునే బయల్దేరండి. దుర్గం చెరువులో కూడా కయాక్‌లున్నాయి కానీ మొదటిసారికి నేనైతే ఊరికి దూరంగా, చూసేవాళ్లు తక్కువున్న చోటే మంచిదంటాను. పడితే నవ్వుతారన్న సిగ్గు కూడా భయంలో ఓ పాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానలకు నిండిన నీళ్లుంటాయి, పొద్దున పూట గాలి తక్కువ. ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది. నీళ్ల మీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనబడ్డాయంటే గాలి గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్లకు చేరినట్టు. కొత్తవాళ్లు అప్పుడు ఒడ్డునే ఉండాలి. ముందు గాలికి ఎదురుగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపు మీద ఉండేలా చూసుకోవాలి. దీన్ని తిరగేస్తే వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, చేతులు అలిసిపోయాక అసలు పని మొదలవుతుంది.

బెరుకున్నవాళ్లు ఎక్కాల్సింది పైన కూర్చునే కయాక్. కాళ్లు లోపలికి దూర్చి నడుము చుట్టూ బిగించేది కాదు. ఇది లోపల మూసేసిన డొల్ల, పైన పల్లెంలా కూర్చునే చోటు. పై నుంచి అడుగు దాకా పోయే రంధ్రాలుంటాయి. కొత్తవాళ్లు వాటిని చూసి ‘చిల్లు పడింది’ అని హడలిపోతారు. పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికే అవి. తలకిందులైనా ఈ కయాక్ మునగదు, మనిషిని లోపల ఇరికించదు. వెడల్పు రెండున్నర అడుగులుంటే బాగా నిలకడగా ఉంటుంది. ఇద్దరు కూర్చునేదైతే ముందు బెరుకున్నవాళ్లు, వెనక అనుభవం ఉన్నవాళ్లు. దారి తిప్పేది వెనకవాళ్లే. భార్యాభర్తలిద్దరూ కొత్తవాళ్లయితే ఒకే పడవ వద్దు. తెడ్లు తగులుకుంటాయి, మాటలు కూడా.

కయాక్‌కీ సైకిల్‌కీ ఒక పోలిక ఉంది. ఆగి ఉన్నప్పుడే ఎక్కువ ఊగుతుంది, కదిలితే కుదురుకుంటుంది. కాబట్టి ఎక్కగానే ఆలోచిస్తూ కూర్చోకుండా నాలుగు తెడ్లు వేయాలి. చూపు నీళ్ల మీద కాకుండా ఎదురుగా ఉన్న గట్టు మీద. నడుము కింద భాగం పడవతో పాటు ఊగనివ్వాలి, పైభాగం నిటారుగా ఉండాలి. ముక్కు పడవ అంచు దాటి బయటికి వెళ్లిందంటే పడినట్టే. జారిపోయిన వాటర్ బాటిల్ కోసం వంగినవాళ్లే ఎక్కువగా పడతారు. రెండు చేతులతో అంచులు పట్టుకోవడం సహజంగా వచ్చేస్తుంది. అది పడవను ఆపదు. తెడ్డు రెక్క నీళ్ల మీద చదునుగా ఆనించి పెట్టడం ఆపుతుంది. ‘అక్కా, అంచు వదిలేయ్, తెడ్డు నీళ్ల మీద పెట్టు’ అని అక్కడి కుర్రాడు వదినకు అరగంటలో ఎన్నిసార్లు చెప్పాడో! ఒకసారి ఆమె పెట్టింది. ఊగుతున్న కయాక్ అక్కడికక్కడే కుదురుకుంది. ఆ తర్వాత అతనికి మళ్లీ చెప్పే పని పడలేదు.

ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లి, పక్కన కుర్రాడు ఇంకో కయాక్‌లో ఉండగా, కావాలని ఒకసారి పడాలి. పూల్‌లో నేర్చుకున్నదంతా దీని కోసమే. పడ్డాక మొదట పట్టుకోవాల్సింది కయాక్‌ను. దానికి తేలే బలం ఎంతో ఉంది, దూరం నుంచి కనిపించేదీ అదే. దాన్ని వదిలేసి ఒడ్డుకి ఈదడం ఎప్పుడూ వద్దు. తలకిందులైతే అడుగు మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టుకుని, వెనక్కి వాలి లాగితే తిరుగుతుంది. ఎక్కడానికి వరస ఇది. పొట్ట, పిర్ర, పాదం. ముందు కాళ్లు నీళ్ల పైకి తేలేలా ఆడించాలి, ఎందుకంటే కాళ్లు కయాక్ కిందికి వెళ్లి వేలాడుతుంటే ఎంత బలమున్నవాళ్లూ పైకి రాలేరు. కాళ్లు తేలాక ఛాతీని అడ్డంగా జార్చుకుంటూ పొట్ట కయాక్ మధ్యకు తేవాలి. అక్కడ ఆగి ఊపిరి తీసుకోవచ్చు, తొందరేమీ లేదు. తర్వాత ఒళ్లు తిప్పి పిర్రల మీద కూర్చోవాలి, చివరికి పాదాలు లోపలికి. కుర్రాడు అవతలి అంచు పట్టుకుంటే తేలిక.

వదిన రెండోసారికి ఎక్కింది. మొదటిసారి అవతలి వైపు నుంచి మళ్లీ నీళ్లలో పడింది. ఆ రెండో పడటంలో చేతులు పైకి లేవలేదు. ఆమె గమనించిందో లేదో కానీ ఒడ్డున ఉన్న నేను చూశాను.

ఒడ్డు దగ్గర మాత్రం జాగ్రత్త. చెరువులు, జలాశయాల అడుగు పూల్‌లా చదునుగా ఉండదు. మట్టి తవ్విన గుంతలు నీళ్లలో కనిపించవు. మోకాలి లోతు నడుస్తుండగా తర్వాతి అడుగు తలకు మించిన లోతులో పడొచ్చు. బురదలో కాలు దిగబడిపోవచ్చు. కాళ్లు కడుక్కుందామని, ఫొటో దిగుదామని జాకెట్ విప్పేసి దిగిన వాళ్ల కథలు ప్రతి ఎండాకాలం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కయాక్ మీద ఉన్నప్పటి కంటే దిగిన తర్వాతే నేను ఎక్కువ భయపడతాను. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లే దాకా జాకెట్ ఒంటి మీదే ఉండాలన్నది మా ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు. జీన్స్, చున్నీ, చీర వద్దు. తడిస్తే బరువు, చుట్టుకుంటే ప్రమాదం. కాలికి వెనక పట్టీ ఉన్న చెప్పులు, కళ్లద్దాలకు తాడు.

సాయంత్రం: హుస్సేన్‌సాగర్‌లో తాడు వదిలేయడం

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు తిరుగుతాయని తెలియని హైదరాబాదీలు ఇంకా ఉన్నారు. సికింద్రాబాద్‌లోని సైన్యపు ఈఎంఈ సెయిలింగ్ సంఘం ఏళ్లుగా ఇక్కడ పోటీలు పెడుతోంది. 2009లో మొదలైన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలకు తెరచాప పట్టడం నేర్పి జాతీయ పోటీల దాకా పంపింది. వానాకాలంలో గాలి బలంగా వీస్తుంది. పోటీలవాళ్లకి అది పండగ, మనకు కాదు. చలికాలం సాయంత్రం మెల్లటి గాలి చాలు.

పిల్లలకైతే ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన నమూనా. ముందు భాగం చెక్క పెట్టెలా మొండిగా, ఎనిమిది అడుగుల లోపు పొడవుతో ఉంటుంది. పెద్దవాళ్లు మొదటిసారి శిక్షకుడితో కలిసి ఇద్దరు ముగ్గురు కూర్చునే పడవలోనే ఎక్కాలి. ఒంటరిగా నడిపే పోటీ పడవలు చురుకుగా ఉంటాయి, బెరుకున్నవాళ్లకి మొదటి రోజు పనికిరావు. ఈ నీళ్లలో కావాలని పడటం వద్దే వద్దు. మురుగు వచ్చి చేరే సరస్సు ఇది. గాయాలుంటే బ్యాండేజీ వేసుకుని, ఒడ్డుకు రాగానే సబ్బుతో స్నానం చేయాలి. పడటం నిన్న పూల్‌లో, పొద్దున కోటిపల్లిలో పూర్తి చేసుకుని వచ్చాం కదా, ఇక్కడ ఆ పని లేదు.

తెరచాప పడవలో బెరుకున్నవాళ్లకి భయం ఒక్కచోట మొదలవుతుంది. గాలి చాపను నింపగానే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే తిరగబడుతుందనిపిస్తుంది. చేతిలో ఉన్న తాడును ప్రాణం కొద్దీ బిగించి పట్టుకుంటారు. ఆ తాడు బిగించినకొద్దీ చాప ఇంకా గాలి పట్టుకుంటుంది, పడవ ఇంకా ఒరుగుతుంది. తాడు వదిలేస్తే చాప జెండాలా రెపరెపలాడి గాలిని వదిలేస్తుంది, పడవ నిటారుగా లేచి ఆగిపోతుంది. శిక్షకుడు వదినకు మొదటి అరగంట చుక్కాని ఇవ్వలేదు. తాడు మాత్రమే ఇచ్చాడు. ‘బిగించండి’ అన్నాడు, పడవ ఒరిగింది. ‘వదలండి’ అన్నాడు, లేచింది. మళ్లీ బిగించు, మళ్లీ వదులు. అరగంట అయ్యేసరికి ఆయన చెప్పకముందే నీళ్ల మీద ముదురు రంగు పట్టి దగ్గరికి వస్తున్న గాలి తెరను చూసి, ఆమే తాడు కొద్దిగా వదులుతోంది. గాలి వస్తున్నచోట నీళ్లు చిన్న చిన్న ముడతలు పడి నల్లగా కనబడతాయి. ఆ నలుపు పడవను చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ వ్యవధి చాలు.

రెండో జాగ్రత్త బూమ్. చాప కింది అంచును పట్టి ఉంచే అడ్డదండం అది. పడవ దిశ మారేటప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకి, తలల ఎత్తులోనే తిరుగుతుంది. గాలి ముందు నుంచి వస్తుండగా మలుపు తిప్పితే నెమ్మదిగా దాటుతుంది. గాలి వెనక నుంచి వస్తుండగా తిప్పితే ఒక్క విసురున వస్తుంది. తల పగలగొట్టేది ఆ రెండోదే. కాబట్టి మొదటి రోజు మలుపులన్నీ గాలికి ఎదురుగానే తిప్పమని అడగండి. శిక్షకుడు ‘రెడీ’ అనగానే తల వంచండి. ఒకవేళ పడవ తిరగబడినా దాని దగ్గరే ఉండాలి. కయాక్‌కు చెప్పిందే దీనికీ. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా అది నీళ్ల మీద కనిపించేదానికంటే దూరంగా ఉంటుంది. రక్షక మోటారు పడవ నీళ్లలో సిద్ధంగా లేకపోతే ఎక్కనేవద్దు.

బనానా బోట్, జెట్ స్కీల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. బనానా బోట్ సరదా అంతా మనిషిని కావాలని నీళ్లలోకి విసిరేయడంలోనే ఉంది. ఎప్పుడు పడాలో మీ చేతిలో లేదు. బెరుకున్నవాళ్లకి అది మొదటి వారాంతం పని కాదు. రుషికొండ సముద్రం మరింత వద్దు. తెల్లవారుజామున గాలి భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి, కయాక్ లోపలికి హాయిగా వెళ్లిపోతుంది, ఆ గాలికి ఎదురు తిరిగి రావడమే కష్టం. అలల మధ్య అక్కడక్కడ ఒడ్డు నుంచి లోపలికి లాక్కెళ్లే పాయలుంటాయి. వాటిని చూసి గుర్తుపట్టే కన్ను రావడానికి కాలం పడుతుంది. విశాఖవాళ్లు మొదట ఏదైనా జలాశయంలో మొదలుపెట్టి, సముద్రాన్ని ఇంకో ఏడాదికి ఉంచుకోవడం మంచిది.

డబ్బులు కట్టేముందు నిర్వాహకులను అడగాల్సినవి పెద్దగా ఏమీ లేవు. పక్కన నీళ్లలో ఎవరుంటారు? గాలి లేస్తే ఎవరు వెనక్కి పిలుస్తారు, ఎలా పిలుస్తారు? నేను మొదట తక్కువ లోతులో పడి చూసుకోవచ్చా? ఈ మూడో ప్రశ్నకు నవ్వేవాళ్ల దగ్గర మా వాళ్లు ఆగలేదు. ‘రండి, పడదాం’ అన్న కుర్రాడి దగ్గర ఆగారు.

సోమవారం పొద్దున లేచేసరికి ఒళ్లు నొప్పులుంటాయి, ఎక్కడున్నాయో చూసుకోండి. పక్కటెముకల కింద, వెన్ను మధ్యలో నొప్పి ఉంటే నడుము తిప్పుతూ తెడ్డేశారన్నమాట. మోచేతి నుంచి మణికట్టు దాకా, వేళ్ల కీళ్లలో నొప్పి ఉంటే తెడ్డును గట్టిగా బిగించి పట్టుకున్నారు. అన్నయ్యకి మోచేతులు నొప్పి. వదినకి వెన్ను నొప్పి. పదకొండేళ్లవాడికి ఏ నొప్పీ లేదు, జనవరిలో మళ్లీ ఎప్పుడు వెళ్దామని అడుగుతున్నాడు.